అల్లుడు గారి ఫ్రిజ్ ఫోటోలు

5 ఆగస్టు 2024, సోమవారం, గుంటూరు

సాయంత్రం ఏడు దాటాక హైదరాబాదు నుంచి అల్లుడు గారు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. కింద ఒక్క మాట: "మావయ్య గారూ, వీటితో ఏం వండొచ్చు?"

అమ్మాయికి ఈ నెలంతా మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పదకొండు దాకా డ్యూటీ. రాత్రి వంట ఆయన మీద పడింది. అన్నం, పప్పు, ఆమ్లెట్ వచ్చు ఆయనకి. చెబితే చేసే ఓపిక కూడా ఉంది. ఏం చెయ్యాలో తోచకపోవడమే ఇబ్బంది. తలుపు తీసి ఐదు నిమిషాలు నిలబడి, మళ్లీ మూసేసి, బయటి నుంచి బిర్యానీ తెప్పించుకుంటున్నాడని అమ్మాయి మొన్న చెప్పింది.

ఫోటో చూశాను. తలుపు తీసి నిలువునా తీసింది. పాలప్యాకెట్, మూతలు పెట్టిన రెండు స్టీలు డబ్బాలు, ఆరు గుడ్లు, ఆవకాయ సీసా, కింద గులాబీ రంగు కవర్లో పచ్చగా ఏదో. "గుడ్ల కూర చేసుకోండి" అని రాసేశాను. చేసుకున్నారు, బాగుందన్నారు కూడా.

పడుకోబోయే ముందు ఆ జవాబు తప్పని తోచింది. గుడ్లు ఇంకో పది రోజులున్నా పాడవవు. కవర్లో ఉన్నది ఆకుకూర అయితే రేపటికి సగం పోతుంది. బ్రాడీపేటలో ఇరవై రెండేళ్లు మెస్ నడిపాను. రాత్రి పది గంటలకి గల్లాపెట్టె మూశాక, కూరల బుట్టల ముందు నిలబడి రేపటి మెనూ వేసేవాణ్ణి. అప్పుడు చూసేది ఒక్కటే: వీటిలో రేపు సాయంత్రానికి ఏది ఉండదు? దాంతోనే మొదలుపెట్టేవాణ్ణి. మిగతా మెనూ దాని చుట్టూ అల్లుకునేది. అల్లుడు గారికి కూడా అలాగే చెప్పాలి. దానికి ఇలాంటి ఫోటో సరిపోదు.

రేపటికి నాలుగు ఫోటోలు అడిగాను. కవర్లలో ఉన్నవన్నీ దినపత్రిక మీద బోర్లించి, పక్కన ఒక చెంచా పెట్టి, ట్యూబులైటు కింద ఒకటి. చెంచా ఎందుకంటే, ఫోటోలో సొరకాయ ముక్క జానెడో బెత్తెడో తెలియదు. ఫ్రిజ్‌లో బల్బు పసుపు రంగులో ఉంటే వడలిన ఆకు కూడా నిగనిగలాడుతూ కనిపిస్తుంది. రెండోది, డబ్బాలన్నీ మూతలు తీసి పైనుంచి. మూడోది తలుపు అరలు. నాలుగోది ఫ్రిజ్‌కి సంబంధం లేనిది: పప్పుల డబ్బాలు, పోపుల పెట్టె, చింతపండు ఉన్న అలమర. కూరగాయ వంటలో ఒక భాగమే. కందిపప్పు ఉంటే తోటకూర పప్పు అవుతుంది, లేకపోతే వేపుడు అవుతుంది. ఆ సంగతి ఫ్రిజ్ చెప్పదు.

6 ఆగస్టు, మంగళవారం

నాలుగు ఫోటోలూ ఆరున్నరకే వచ్చాయి. చెంచా పెట్టడం మర్చిపోలేదు.

పత్రిక మీద తోటకూర కట్ట, కింది ఆకులు పసుపు తిరుగుతున్నాయి. టమాటాలు మూడు, ఒకదాని తోలు ముడతలు పడింది. బంగాళాదుంపలు రెండు, పచ్చిమిరపకాయలు ఆరు, కోసిన ఉల్లిపాయ సగం. డబ్బాలు మూడు: ఒకదాంట్లో నిన్నటి ముద్దపప్పు, ఒకదాంట్లో మూడు రోజుల పెరుగు, ఒకదాంట్లో తెల్లటి ముక్కలు. అలమరలో కందిపప్పు, పెసరపప్పు, శనగపిండి, చింతపండు, బియ్యం.

నేను వరుస పెట్టుకున్నాను. మొదట తోటకూర, అది ఈ రాత్రే. తరవాత తెల్ల ముక్కలు, ఎందుకంటే కోసిన కూర కొయ్యని కూరకన్నా ముందు పోతుంది. ఆ తరవాత ముద్దపప్పు, అది రేపటికి టమాటా వేసి పప్పుచారు. బంగాళాదుంపలు చివర, వాటికి తొందర లేదు.

తెల్ల ముక్కలు సొరకాయ అనుకున్నాను. పెరుగు పుల్లబడి ఉంటుంది కాబట్టి మజ్జిగ పులుసు. ఒక చెంచా శనగపిండి పెరుగులో చిలికి, ముక్కలు ఉప్పూ పసుపూ వేసిన నీళ్లలో ఉడికాక కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉంటే విరగదు. తోటకూర వేపుడు పక్కన. ఈ రెండే చెప్పాను.

తొమ్మిదింటికి ఫోను. "మావయ్య గారూ, ముక్కలు ఉడికాయి గానీ వాసన వేరేగా ఉందండి. చెడిపోయిందా?"

"ఎలాంటి వాసన?"

"ఘాటుగా... సాంబార్లో వస్తుంది చూడండి, అలాంటిది."

ముల్లంగి. ఆదివారం అమ్మాయి సాంబారు కోసం తరిగి, సగం మిగిల్చి పెట్టిందట. ఉడికించిన ముల్లంగి మజ్జిగలో పడితే ఆ ఘాటు పులుపుతో కలిసి ముక్కుకి కొడుతుంది. ఆయన తోటకూర వేపుడుతో తిని లేచారు. మజ్జిగ పులుసు గిన్నెడు పారబోశారు.

7 ఆగస్టు, బుధవారం

పొద్దున్నే ఆ ఫోటో మళ్లీ తెరిచి, వేళ్లతో పెద్దది చేసి చూశాను. తేడా కనిపిస్తూనే ఉంది. సొరకాయ ముక్కకి ఒక పక్క గట్టి కండ, ఇంకో పక్క దూదిలాంటి మెత్తదనం, అందులో గింజలో గింజల గుంటలో ఉంటాయి. ఎంత లేతకాయైనా నాలుగు ముక్కల్లో ఒకదాంట్లో గింజ జాడ దొరుకుతుంది. ముల్లంగి ముక్క అంచు నుంచి అంచు దాకా ఒకటే తీరు, కోసిన చోట గాజులా మెరుస్తుంది. ఆ డబ్బాలో ఇరవై ముక్కలున్నాయి, ఒక్కదాంట్లోనూ గింజ లేదు. పక్కన పెరుగు చూసి మజ్జిగ పులుసు ముందే మనసులో పడింది. వంటకం ముందు అనుకుని, ముక్కల్ని దానికి తగ్గట్టు చూశాను. మెస్‌లో బుట్టలో చెయ్యి పెట్టేవాణ్ణి కాబట్టి ఈ పొరపాటు జరిగేది కాదు.

తొక్క తీసి కోసిన ముక్క ఏది కనిపించినా ఇక పేరు అడిగాకే మాట్లాడాలి.

అది నిజంగా సొరకాయే అయి ఉంటే ఇంకో ప్రశ్న అడగాల్సింది. సొరకాయ, బీరకాయ, దోసకాయ ఏదైనా కొయ్యగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే కాయంతా పారెయ్యాలి, ఇంకో ఆలోచన వద్దు. ఆ చేదు ఉడికించినా పోదు. పులుపూ బెల్లమూ దాన్ని కప్పుతాయి తప్ప తియ్యవు. చేదు సొరకాయ రసం తాగి వాంతులూ విరేచనాలతో ఆసుపత్రి పాలైన వాళ్లున్నారు, ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. బయటికి ఆ కాయ మిగతా కాయల్లాగే ఉంటుంది. ఎంత మంచి ఫోటో అయినా అది చెప్పలేదు.

అలాగే ఫోటో చెప్పనివి ఇంకా మూడున్నాయి. వాసన, మెత్తదనం, ఎప్పటిది అన్న సంగతి. వీటికి కన్ను చాలదు, అక్కడున్న మనిషి ముక్కూ వేలూ కావాలి. అందుకని అల్లుడు గారికి రాసి పంపాను: ఫోటోతో పాటు ప్రతి డబ్బాకీ ఒక మాట చెప్పండి, ఏ రోజుదో. అనుమానమున్న కూరని వేలితో నొక్కి చెప్పండి, గట్టిగా ఉందో లోపలికి పోతోందో.

9 ఆగస్టు, శుక్రవారం

డబ్బాకొక మాట అడగడం ఇవాళ పనికొచ్చింది.

ఫోటోలో ఒక గిన్నెడు అన్నం. తెల్లగా, మెతుకు మెతుకు విడివిడిగా, చూడముచ్చటగా ఉంది. నిమ్మకాయ ఉంది, వేరుశనగ గుళ్లున్నాయి, కరివేపాకు ఉంది. నిమ్మకాయ పులిహోర అని ఎవరైనా చెబుతారు. నేనూ రాయబోయాను. కింద ఆయన రాసింది చదివాను: "అన్నం నిన్న మధ్యాహ్నం వండింది. రాత్రి పడుకునేటప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాం."

అంటే ఎనిమిది తొమ్మిది గంటలు బయట ఉంది, అదీ శ్రావణ మాసపు ఉక్కలో. పారెయ్యమన్నాను.

ఆయనకి నచ్చలేదు. "వాసన రావట్లేదండీ. బాగా వేయించేస్తే సరిపోదా?"

కారణం చెప్పాల్సి వచ్చింది. బియ్యంతో పాటే వచ్చే ఒక రకం సూక్ష్మజీవి ఉంది, బాసిల్లస్ సీరియస్ అంటారు. అది విత్తనంలాంటి గట్టి రూపంలో ఉండి, అన్నం ఉడికినా చావదు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే మళ్లీ లేచి పెరుగుతుంది, పెరుగుతూ విషాన్ని వదులుతుంది. తరవాత వేయిస్తే జీవి చస్తుందేమో గానీ, వాంతులు తెప్పించే ఆ విషం వేడికి చెక్కుచెదరదు. వాసన రావాలని లేదు, రంగు మారాలని లేదు. ఫ్రిజ్‌లో పెట్టాక పెరుగుదల మందగిస్తుంది, అంతకు ముందు తయారైంది అలాగే ఉంటుంది.

మెస్‌లో మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి, ఫ్యాను కింద ఆర్చి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టించేవాణ్ణి. మర్నాడు పొద్దున్న పులిహోర అయిపోవాలి. లేకపోతే లేదు. మా పక్కనున్న ఒక భోజన హోటల్లో రాత్రి గంపలో వదిలేసిన అన్నంతో పొద్దున పులిహోర కలిపి, తిన్న కుర్రాళ్లు నలుగురు మధ్యాహ్నానికి మంచం పట్టడం కళ్లారా చూశాను.

మళ్లీ ఒక గ్లాసు బియ్యం కడిగి పెట్టమన్నాను. పులిహోర వేడి అన్నంతోనూ అవుతుంది, కాస్త నూనె వేసి పళ్లెంలో ఆర్చుకుంటే చాలు.

12 ఆగస్టు, సోమవారం

ఇన్నాళ్లకి అసలైన ఫోటో వచ్చింది. ఇలాంటి ఫోటో చూసే ఎవరైనా తలుపు మూసేసి బిర్యానీకి ఫోను చేస్తారు.

పత్రిక మీద: ములక్కాడ ఒకటి, కొసలు ఎండుతున్నాయి. సొరకాయ బెత్తెడు ముక్క (రుచి చూశారు, చేదు లేదు). బెండకాయలు ఐదు. వంకాయలు రెండు, తోలు వదులైంది. చిలగడదుంప ఒకటి. టమాటాలు రెండు. ఉల్లిపాయలు రెండు. క్యాబేజీ పావు ముక్క. బీట్‌రూట్ ఒకటి. కాకరకాయ ఒకటి. కరివేపాకు, కొత్తిమీర.

"ఒక్కటీ కూరకి సరిపోదండీ" అని రాశారు. ఆ మాట నిజం. మనిషికి నూరు గ్రాములు పచ్చి కూర వేసుకుంటేనే పూటకి కూర అనిపిస్తుంది. ఐదు బెండకాయలు కలిపి డెబ్బై గ్రాములుండవు, వేయిస్తే అరచేతిలో సగం అవుతాయి. రెండు వంకాయలూ అంతే. కూర అనే లెక్కన చూస్తే ఇక్కడ ఏమీ లేదు.

లెక్క మార్చాలి. మన భోజనంలో కూర ఒక గడి. దాని పక్కన పప్పు, పచ్చడి, పులుసు, చారు, పెరుగు గడులున్నాయి. ఏ కూరగాయ ఏ గడిలో పడుతుందని చూడాలి. తక్కువగా, రకరకాలుగా మిగిలినవి ఉన్నప్పుడు వాటన్నిటినీ తీసుకునే గడి పులుసు. ముక్కల పులుసుకి ఒక్కో రకం రెండు ముక్కలున్నా చాలు, రకాలు ఎక్కువైన కొద్దీ రుచి పెరుగుతుంది. మా అమ్మ దీన్ని దప్పళం అనేది. పండగల్లో దీని కోసమే కూరలు కొంటారు, కానీ నాకు తెలిసి ఇది వారం చివర బుట్ట అడుగు ఖాళీ చేసే వంట.

అన్నీ వెయ్యకూడదు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. బీట్‌రూట్ వేస్తే గిన్నెంతా ఎర్రబడి, అన్నిటికీ దాని మట్టి వాసన పడుతుంది. కాకరకాయ చేదు ముక్కలో ఆగదు, పులుసులోకి దిగుతుంది. క్యాబేజీ ఎక్కువసేపు ఉడికితే గంధకపు వాసన వస్తుంది, పులుసుకి అంతసేపు ఉడకడమే కావాలి. ఈ మూడూ పక్కన పెట్టమన్నాను. క్యాబేజీ, బీట్‌రూట్ ఇంకో నాలుగు రోజులు ఏమీ కావు. కాకరకాయని చక్రాలు తరిగి ఉప్పు రాసి పిండి, ఎర్రగా వేయించి పులుసన్నంలో నంజుకోమన్నాను.

మిగిలినవన్నీ కలిపితే నాలుగు వందల గ్రాములు పైబడతాయి. ఇద్దరికి రెండు పూటలు. పెద్ద నిమ్మకాయంత చింతపండు గ్లాసుడు వేడి నీళ్లలో నానబెట్టమని ముందు చెప్పాను, అది నానేలోపు కూరలు తరగడం అయిపోతుంది.

వేసే వరుస ఇలా రాసి పంపాను. ములక్కాడ, చిలగడదుంప ముందు, అవి మొండివి. రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు, పసుపు వేసి పది నిమిషాలు. తరవాత సొరకాయ, వంకాయ, పెద్ద ముక్కలుగా ఉల్లిపాయ, ఇంకో ఆరేడు నిమిషాలు. ఈలోపు వేరే బాణలిలో చెంచాడు నూనె వేసి బెండకాయల్ని రెండేసి ముక్కలుగా వేయించాలి, జిగురు ఆరిపోయేదాకా. తడి బెండకాయ కోస్తే జిగురు ఎక్కువ, అందుకని ఫ్రిజ్‌లోంచి తీసి గుడ్డతో తుడిచి కొయ్యాలి. చిలగడదుంపలో చాకు మొన సులువుగా దిగిందని చూసుకున్నాకే చింతపండు రసం, టమాటా, బెండకాయ, చెంచాడు కారం, చిన్న బెల్లం ముక్క. పది నిమిషాలు మరగాలి. చివర చెంచాడు బియ్యప్పిండి పావు గ్లాసు చల్లటి నీళ్లలో ఉండ లేకుండా కలిపి పొయ్యాలి, నాలుగు నిమిషాల్లో చిక్కబడుతుంది. నేరుగా పిండి చల్లితే ఉండలు కడుతుంది. ఆవాలు, నాలుగు మెంతిగింజలు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు పోపు. దించాక కొత్తిమీర. ఆకులు పైన చల్లి, కాడలు సన్నగా తరిగి పులుసు మరిగేటప్పుడే వెయ్యాలి, కాడలోనూ మంచి వాసన ఉంటుంది.

రాత్రి పదకొండున్నరకి అమ్మాయి దగ్గర్నుంచి ఒక ఫోటో. కంచంలో పులుసన్నం, పక్కన కాకరకాయ చక్రాలు. "నాన్నా, ఇంట్లో ఏమీ లేవన్నాడే ఈయన!" అని రాసింది.

14 ఆగస్టు, బుధవారం

పులుసు బాగుంది గానీ చిలగడదుంప గట్టిగా ఉందని అల్లుడు గారు ఇవాళ చెప్పారు. అరగంట ఉడికించినా పలుకు విరగలేదట. తరచి అడిగితే బయటపడింది. ఆలస్యమవుతోందని ముక్కలన్నీ, చింతపండు రసంతో సహా ఒకేసారి కుక్కర్ గిన్నెలో వేసేశారు.

పులుపు తగిలితే కూరగాయ మెత్తబడదు. కూరగాయ కణాల్ని ఒకదానితో ఒకటి పట్టి ఉంచే బంక లాంటి పదార్థం ఉంటుంది, పెక్టిన్. మామూలు నీళ్లలో మరిగితే అది కరిగి ముక్క విడుతుంది, పుల్లటి నీళ్లలో కరగడానికి మొరాయిస్తుంది. పప్పు సంగతీ ఇంతే. గోంగూరో మామిడికాయో పప్పుతో కలిపి మొదటే కుక్కర్లో పెడితే పప్పు పలుకుగా మిగులుతుంది. పప్పు మెత్తబడ్డాకే పులుపు.

దీన్ని మంచికీ వాడుకుంటాం. పులుసులో బెండకాయ పీచు పీచుగా విడిపోకుండా ముక్కగా నిలబడేది చింతపండు వల్లే. బెండకాయని చివర వెయ్యమన్నది అందుకే. ఈ కారణం వరుసతో పాటే రాసి ఉంటే ఆయన తొందరపడేవారు కాదు. కారణం తెలియని వరుసని మనిషి మొదట ఖాళీ దొరికిన చోట దాటేస్తాడు. ఇక నుంచి రెండూ రాస్తాను.

మిగిలిన పులుసులోంచి దుంప ముక్కలు ఏరి, మంచినీళ్లలో విడిగా ఒక విజిల్ రానిచ్చి మళ్లీ కలపమన్నాను. సాయంత్రం మెత్తగా అయ్యాయని చెప్పారు.

17 ఆగస్టు, శనివారం

నిన్న వరలక్ష్మీ వ్రతం. అమ్మాయి సెలవు పెట్టి చేసుకుంది. ఇవాళ ఫోటో తనే పంపింది, ఫ్రిజ్ నిండిపోయి తలుపు పడట్లేదట.

కొబ్బరి చిప్పలు ఐదు. వాయనాలకి నానబెట్టిన శనగలు గిన్నెడు, అక్కడక్కడా మొలక కనిపిస్తోంది. అరటిపళ్లు డజనున్నర, అవీ ఫ్రిజ్‌లోనే. చింతపండు పులిహోర పెద్ద డబ్బాలో. తమలపాకులు రెండు కట్టలు. కొత్తగా వచ్చిన కూరలు మాత్రం వంకాయలు నాలుగు, పచ్చిమిరపకాయలు కొన్ని, అంతే.

అరటిపళ్లు వెంటనే బయట పెట్టించాను. చలికి వాటి తొక్క నల్లబడుతుంది, పచ్చివి అయితే లోపల పండటమే ఆగిపోతుంది. దాంతో ఒక అర ఖాళీ అయింది.

మిగతా వాటిలో ముందు పోయేది శనగలు. గురువారం రాత్రి నానబెట్టినవి. నీళ్లు వంచి చూడమన్నాను. నురుగు, పుల్లటి వాసన, వేళ్లకి జిగురు ఉంటే పారెయ్యాలి. మొలక రావడం తప్పేమీ లేదు. బాగానే ఉన్నాయంది. పులిహోర నిన్న మధ్యాహ్నం కలిపి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టిందట. ఇవాళ్టితో అయిపోవాలన్నాను.

శనగల్ని రెండు భాగాలు చేయించాను. అన్నీ ఉప్పు వేసి కుక్కర్లో నాలుగు విజిళ్లు. సగం వంకాయతో కూర: వంకాయలు తరిగి పోపులో మగ్గాక శనగలు కలిపి, పచ్చిమిరప, కొబ్బరి కచ్చాపచ్చాగా దంచిన ముద్ద వేసి ఐదు నిమిషాలు ఉంచాలి. వంకాయ శనగల్లోని పొడితనాన్ని పోగొడుతుంది. మిగతా సగం గుగ్గిళ్లుగా పొద్దున్న టిఫిను.

కొబ్బరి దగ్గర ఎక్కువసేపు మాట్లాడాం. కొబ్బరి తెల్లగా ఉంటుంది, ఫోటోలో ఐదు చిప్పలూ ఒకేలా ఉన్నాయి. ఒక్కొక్కటీ వాసన చూసి, లోపలి తెల్లటి వైపు వేలితో రాయమన్నాను. ఒక చిప్ప జిగురుగా, సబ్బు వాసనగా ఉందంది. దాన్ని తీసేయించాను. ఒక చిప్ప కూరలోకి, ఒక చిప్ప ఎండుమిరప, చింతపండు వేసి పచ్చడి. మిగిలిన రెండూ కోరి, గుప్పెడేసి పొట్లాలు కట్టి పై అరలో గడ్డ కట్టించమన్నాను. నెల రోజులు వాడుకోవచ్చు. ఒక పొట్లం తీస్తే ఒక కూరకి సరి. చిప్పలుగా ఉంచితే మూడో రోజుకి ఇదే ఫోటో మళ్లీ వచ్చేది, ఇంకో రెండు జిగురు చిప్పలతో.

తమలపాకులకి నా దగ్గర వంటకం లేదు. పక్కింటి వాళ్లకి ఇచ్చెయ్యమన్నాను.

21 ఆగస్టు, బుధవారం

ఇవాళ ఫోటో ఏడింటికి వచ్చింది. కింద ప్రశ్న లేదు. ఆయనే రాశారు: "క్యాబేజీ పావు ముక్క, అంచు నల్లబడితే కోసేశాను. పెసరపప్పు అరగంట ముందే నానబెట్టాను. కొబ్బరి ఒక పొట్లం తీశాను. బీట్‌రూట్ రేపటికి. టమాటాలు రెండు మెత్తబడ్డాయి, బూజు లేదు, చారు పెడుతున్నా. సరేనా మావయ్య గారూ?"

సరే అన్నాను. పెసరపప్పు పలుకుగా ఉండాలి, మెత్తబడితే క్యాబేజీ ముద్దవుతుంది అని మాత్రం చేర్చాను. బంగాళాదుంపల గురించి కూడా ఒక మాట. రెండు వారాల కిందట ఫోటోలో వచ్చిన ఆ రెండు దుంపలు ఇంకా అలాగే ఉన్నాయి. ఫోటోలో ఆకుపచ్చదనం సరిగ్గా తెలియదు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడమన్నాను. చూసి వచ్చారు. ఒకదానికి ఒక పక్కంతా పచ్చబడింది, మొలకలు వచ్చాయి. వెలుతురు తగిలి అలా పచ్చబడిన దుంపలో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. ఉడికించినా పెద్దగా పోదు. దాన్ని తీసెయ్యమన్నాను. రెండోది బాగానే ఉంది, చారులో నంజుకోవడానికి వేయించుకుంటానన్నారు.

ఈ పదహారు రోజుల్లో ఆ ఇంట్లో పారేసినవి: మజ్జిగ పులుసులో పడ్డ ముల్లంగి, గిన్నెడు అన్నం, ఒక కొబ్బరి చిప్ప, ఒక బంగాళాదుంప. ముల్లంగి ఒక్కటే నా వల్ల పోయింది.